రెండో భాషలో మాట మధ్యలో ఎందుకు ఆగిపోతుంది?

సబ్‌టైటిల్స్ లేకుండా ఇంగ్లీషు వీడియో చూస్తే అర్థమవుతుంది. పొడవాటి ఈమెయిల్ రాయమంటే తప్పుల్లేకుండా రాస్తారు. కానీ ఎదురుగా ఒక మనిషి నిలబడి మామూలుగా ఏదో అడిగితే, మూడో మాటకో నాలుగో మాటకో నోరు ఆగిపోతుంది. "ఇప్పుడు నేనన్నది కరెక్టేనా? నా ఉచ్చారణ విని ఏమనుకుంటున్నారో?" అన్న ఆలోచన లోపల మొదలవుతుంది. ఆ తర్వాత చెప్పాలనుకున్న విషయమే జారిపోతుంది. నాకు ఏళ్ల తరబడి ఇలాగే జరిగింది. అందరూ రెండే సలహాలిచ్చేవారు: ఇంకా గ్రామర్ చదువు, లేదా భయపడకు. మొదటిది చేస్తే తడబాటు పెరిగింది. రెండోది ఎలా చేయాలో ఎవరూ చెప్పలేదు.

తర్వాత భాషాశాస్త్రవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని గురించి ఏం కనుక్కున్నారో చదివాక ఒక విషయం అర్థమైంది. ఈ తడబాటుకు మూలం ధైర్యం లేకపోవడం కన్నా ముందు, టైమ్ చాలకపోవడంలో ఉంది. భయం ఆ ఉన్న కాస్త టైమ్‌నీ తినేస్తుంది.

సెకనులో ఐదో వంతు

మాటల మధ్య ఒకరు ముగించాక రెండోవారు అందుకునే లోపు ఎంత ఖాళీ ఉంటుంది? 2009లో వెలువడిన ఒక అధ్యయనం 10 భాషల సంభాషణలను కొలిచి చూసింది. సగటున సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. భాషను బట్టి కొద్దిగా అటూ ఇటూ ఉన్నా, అన్నిచోట్లా మనుషులు చాలా త్వరగా అందుకుంటారని తేలింది.

మరోపక్క, ఒక బొమ్మ చూపించి దాని పేరు చెప్పమంటే, సొంత భాషలో కూడా నోరు విప్పడానికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్క మాటకే అంత పడితే, మొత్తం జవాబు 200లో ఎలా సిద్ధమవుతుంది? అవతలివాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే మనం జవాబు కూర్చుకోవడం మొదలుపెడతాం కాబట్టి. సొంత భాషలో వినడానికి పెద్దగా శ్రమ ఉండదు కనుక ఈ రెండు పనులూ పక్కపక్కనే జరిగిపోతాయి. రెండో భాషలో వినడానికే దృష్టి చాలావరకు ఖర్చవుతుంది. అందుకే జవాబు కూర్చుకోవడం ఆలస్యంగా మొదలవుతుంది.

మాట పుట్టే తీరును వివరిస్తూ డచ్ శాస్త్రవేత్త విల్లెమ్ లెవెల్ట్ 1989లో ఒక నమూనా ఇచ్చారు. దాన్ని తేలిక మాటల్లో చెబితే మూడు పనులు. ఏం చెప్పాలో అనుకోవడం, దానికి మాటలు వెతికి వ్యాకరణంలో అమర్చడం, నోటితో పలకడం. సొంత భాషలో రెండోదీ మూడోదీ వాటంతటవే నడుస్తాయి. మొదటిదానికే దృష్టి పెడతాం. అందుకే సెకనుకు రెండు మూడు మాటలు సునాయాసంగా వస్తాయి. రెండో భాషలో అమర్చే పనికి కూడా దృష్టి కావాలి.

వీటితో పాటు నాలుగోది ఒకటుంది. అదే కాపలా. మన మాటను మనమే వింటూ, తప్పు కనబడితే ఆపే వ్యవస్థ. పైకి వచ్చిన మాటనే కాదు, ఇంకా నోటి దాకా రాని మాటను కూడా ఇది లోపలే చూసుకుంటుంది. ఇది అందరికీ ఉంటుంది, ఏ భాషలోనైనా పనిచేస్తుంది. ఇబ్బందల్లా ఇది కూడా అదే దృష్టి మీద బతుకుతుంది. ఇది ఎంత ఎక్కువ తీసుకుంటే మాటలు అమర్చడానికి అంత తక్కువ మిగులుతుంది.

ఒక వాక్యం ఎలా కూలిపోతుందో చూద్దాం

ఒకామెను తోటి ఉద్యోగి ఇంగ్లీషులో అడిగాడనుకుందాం: నిన్నటి మీటింగ్ ఏమైంది? ఆమె చెప్పాలనుకున్నది చిన్న విషయం. వాళ్లు రాలేదు, అందుకే వాయిదా పడింది.

తెలుగులో "రాలేదు" అన్న ఒక్క మాటలో కాదనడమూ ఉంది, జరిగిపోయిందన్న సూచనా ఉంది. పైగా అది వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీషులో ఆ పని రెండు మాటలు పంచుకుంటాయి. "డిడ్ నాట్"లో గతకాలం చేరిపోతుంది కాబట్టి ఆ తర్వాతి క్రియ "కమ్"గానే ఉండాలి. ఆమెకు ఈ నియమం బాగా తెలుసు. పరీక్షలో ఎప్పుడూ తప్పు రాయలేదు. కానీ వేగంలో నోటివెంట వచ్చింది "దే డిడ్ నాట్ కేమ్".

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. కాపలా మామూలుగా ఉంటే తప్పును గమనిస్తుంది, "కమ్" అని సర్దుకుని ముందుకు పోతుంది. లేదా వదిలేస్తుంది. అవతలి మనిషికి ఏ దారైనా ఒకటే, వాళ్లు రాలేదని అర్థమైపోయింది.

కాపలా మీద భయం కూర్చుంటే కథ వేరు. ఆమె ఆగుతుంది. "సారీ, డిడ్ నాట్ కమ్" అంటుంది. ఆగిన ఆ సెకనులో "ఛ, ఇంత చిన్న తప్పా" అన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన కూడా లోపలి మాటే కదా. తర్వాతి ముక్కకు, అంటే వాయిదా అన్నదానికి, ఇంగ్లీషు మాట వెతకాల్సిన సమయం సరిగ్గా అదే. వెతకలేదు కనుక "సో... ద మీటింగ్... ఇట్ ఈజ్..." దగ్గర మళ్లీ ఆగుతుంది. ఇప్పుడు అవతలివాడు సాయం చేయబోయి, "క్యాన్సిలయిందా?" అంటాడు. వాయిదా, రద్దు ఒకటి కాదు. అయినా ఈ ఇబ్బంది నుంచి బయటపడితే చాలని ఆమె "యెస్" అనేస్తుంది.

గ్రామర్ తప్పు వల్ల పోయిన సమాచారం ఏమీ లేదు. దాన్ని సరిదిద్దుకునే ఆత్రంలోనే తప్పుడు సమాచారం వెళ్లింది. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే.

యాస వేరు, అర్థం కావడం వేరు

యాస గురించి మాట్లాడేటప్పుడు మనం మూడు సంగతులను ఒకే మూటగా కడతాం. కెనడాలో పనిచేసే పరిశోధకులు ముర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ 1995లో వీటిని విడదీసి చూపించారు. మొదటిది యాస బలం, అంటే వినేవారి అలవాటుకు ఈ ఉచ్చారణ ఎంత వేరుగా ఉందన్నది. రెండోది అర్థమవడం, విన్నవాళ్లకు నిజంగా ఏ మాటలు అందాయన్నది. మూడోది శ్రమ, అర్థం చేసుకోవడానికి వాళ్లు ఎంత కష్టపడాల్సి వచ్చిందన్నది.

చైనీస్ మాతృభాషగా ఉన్నవాళ్లు ఇంగ్లీషులో మాట్లాడిన వాక్యాలను ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకు వినిపించి, విన్నది విన్నట్టు రాయమన్నారు. యాసకు, శ్రమకు మార్కులు కూడా వేయమన్నారు. "చాలా గట్టి యాస" అని మార్కు పడిన వాక్యాల్లో ఎన్నో, అదే శ్రోతలు ఒక్క మాట పొల్లుపోకుండా రాసిన వాక్యాలే. యాస వినబడింది, అయినా అర్థం కావడానికి అడ్డు రాలేదు.

అలాగని ఉచ్చారణతో పనే లేదని కాదు. కొన్ని తేడాలు అర్థాన్ని మోస్తాయి, కొన్ని మోయవు. తెలుగువాళ్లు ఇంగ్లీషు "జీరో"ను తెలుగు "జ"తో పలికితే యాస తెలుస్తుంది కానీ, మాట దాదాపు ఎప్పుడూ అందుతుంది. మాటలో ఏ భాగాన్ని నొక్కి పలకాలన్నది మారితే మాత్రం వినేవాడు మాటనే గుర్తుపట్టలేకపోవచ్చు. "ఫోటోగ్రాఫ్"లో ఇంగ్లీషువాళ్లు మొదటి ముక్కను నొక్కుతారు. "ఫటాగ్రఫీ"లో రెండోదాన్ని నొక్కుతారు, దాంతో పక్కనున్న అచ్చులు బలహీనపడతాయి. తెలుగులో నొక్కు మారితే మాట అర్థం మారదు కాబట్టి మన చెవి దీన్ని పట్టించుకోదు. వారాల తరబడి "జ" శబ్దం సాధన చేసి, నొక్కు సంగతి వదిలేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల శ్రమ అవసరం లేని చోటికి పోతోంది.

తెలుగు నేర్చుకునేవారిని మనం ఎలా వింటాం?

తప్పుల్లో ఏది బరువైనదో తెలుసుకోవడానికి, తెలుగు నేర్చుకుంటున్న మనిషిని మనం ఎలా వింటామో గమనిస్తే చాలు. "నేను నిన్న మీ ఇంటికి వచ్చింది" అన్నాడనుకోండి. "వచ్చాను" అనాలని మనకు వెంటనే తెలుస్తుంది, అయినా ఒక్క క్షణం కూడా ఆగం. "నేను" ఉంది, "నిన్న" ఉంది, అర్థం వచ్చేసింది. "కళ" అనాల్సిన చోట "కల" అంటే, పక్కనే నాట్యం గురించి మాట్లాడుతుంటే మనమే సర్దుకుంటాం.

అదే మనిషి "నిన్న" అనకుండా, "వచ్చాను"కు బదులు "వస్తాను" అంటే? ఇప్పుడు మనం నిజంగా పొరబడతాం, రేపో ఎల్లుండో వస్తాడని ఎదురుచూస్తాం. తప్పు చిన్నదే, కానీ దాన్ని పట్టుకోవడానికి వాక్యంలో వేరే ఆధారం లేదు. తప్పు బరువును నిర్ణయించేది ఈ ఆధారమే. చుట్టూ ఉన్న మాటలు దాన్ని సరిచేసేస్తే అది తేలిక తప్పు, సరిచేయలేకపోతే బరువైన తప్పు.

హిందీలో రైలుబండికి పుంలింగం వాడి "గాడీ ఆ రహా హై" అంటే మొదటి రకం. ఇంగ్లీషులో "ఎ", "ద" వదిలేయడం చాలాసార్లు మొదటి రకమే. "కెన్", "కాంట్" ఒకేలా వినిపించడం రెండో రకం, ఎందుకంటే అవునన్నామో కాదన్నామో వాక్యంలో ఇంకెక్కడా ఉండదు. సిగ్గు మాత్రం ఈ రెండింటికీ తేడా చూడదు. నిజానికి మొదటి రకానికే ఎక్కువ సిగ్గుపడతాం, అవి పరీక్ష పేపర్లో ఎర్రసిరాతో దిద్దిన తప్పులు కాబట్టి.

భయం అంతా ఊహేనా?

కొంత ఊహే. మన టెన్షన్ ఎదుటివాళ్లకు ఎంత కనబడుతుందన్నదాన్ని మనం ఎక్కువగా అంచనా వేసుకుంటాం. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే పరిశోధకులు 2003లో, ఉపన్యాసం ఇచ్చేవారి మీద దీన్ని పరీక్షించారు. తమ గాభరా బయటికి కనబడుతోందని వక్తలు అనుకున్నంతగా ప్రేక్షకులకు కనబడలేదు. అనుకున్నంతగా కనబడదని ముందే తెలుసుకున్న వక్తలు మిగతావారికన్నా మెరుగ్గా మాట్లాడారు కూడా.

కానీ మొత్తం ఊహే అని చెప్పడం అన్యాయం. అమెరికాలో డొనాల్డ్ రూబిన్ 1992లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చూపిస్తుంది. విద్యార్థులకు ఒకే గొంతు, ఒకే రికార్డింగ్ వినిపించారు. కొందరికి తెల్లజాతి మహిళ ఫోటో, కొందరికి ఆసియా మహిళ ఫోటో చూపించారు. మాట్లాడింది ఒకే అమెరికన్ అయినా, ఆసియా ముఖం చూసినవాళ్లలో చాలామంది విదేశీ యాస విన్నామన్నారు, పాఠం కూడా వాళ్లకు తక్కువ అర్థమైంది. ఆ "యాస" మాట్లాడినవారి నోట్లో లేదు, విన్నవారి ఎదురుచూపులో ఉంది. 2010లో లెవ్-ఆరి, కైజర్ చేసిన మరో ప్రయోగంలో, విదేశీ యాసతో చెప్పిన చిన్నచిన్న వాస్తవాలను శ్రోతలు కొంచెం తక్కువగా నమ్మారు. వినడానికి పడిన శ్రమను వాళ్లు తెలియకుండానే సందేహంగా మార్చుకున్నారని ఆ పరిశోధకుల వివరణ.

కాబట్టి "ఎవరూ పట్టించుకోరు" అన్న ఓదార్పు నిజం కాదు. కొందరు పట్టించుకుంటారు. అందులో కొంత భాగం మనం ఎంత బాగా మాట్లాడినా పోదు, ఎందుకంటే అది మన మాటలోంచి పుట్టింది కాదు. ఆ భాగానికి కూడా మన గ్రామర్‌నే తప్పుపట్టుకోవడం దండగ.

తప్పులు వదిలేయాలా, దిద్దుకోవాలా?

ఇక్కడ రెండు బలమైన వాదాలున్నాయి. అమెరికన్ భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ వాదన ప్రకారం, చదివి నేర్చుకున్న నియమం మాటను పుట్టించలేదు, పుట్టిన మాటను సరిచూడగలదు అంతే. సరిచూడాలంటే మూడు కావాలి: టైమ్ ఉండాలి, రూపం మీద దృష్టి ఉండాలి, నియమం తెలిసి ఉండాలి. మామూలు కబుర్లలో మొదటిదే దొరకదు. ఆయన ఎత్తిచూపిన "అతిగా సరిచూసుకునేవాళ్లు" పైన చెప్పిన ఆమెలాంటివాళ్లే.

రెండో వాదం కెనడా అనుభవం నుంచి వచ్చింది. అక్కడ ఇంగ్లీషు పిల్లలు ఏళ్లపాటు ఫ్రెంచ్‌లోనే పాఠాలు విన్నారు. వాళ్ల ధారాళత, అర్థం చేసుకునే శక్తి బాగా పెరిగాయి, కానీ మాట్లాడితే వ్యాకరణ తప్పులు అలాగే మిగిలిపోయాయి. మెరిల్ స్వెయిన్ 1985లో దీన్ని చూపించి, వినడం చాలదని, మాటను కచ్చితంగా చెప్పాల్సిన ఒత్తిడి కూడా కావాలని వాదించారు. తప్పును గమనించకుండా భాష మెరుగుపడదని రిచర్డ్ ష్మిట్ 1990లో అన్నారు.

నాకు ఈ రెండూ ఢీకొంటున్నట్టు అనిపించదు. ఒకటి మాట్లాడే క్షణం గురించి, రెండోది నెలలూ ఏళ్ల గురించి. తప్పును గమనించడం అవసరమే, కానీ వాక్యం మధ్యలో గమనిస్తే ఖరీదెక్కువ. సంభాషణ అయిపోయాక "డిడ్ నాట్ కేమ్" గుర్తొస్తే దాన్ని తీరిగ్గా సరిచూసుకోవచ్చు. క్రాషెన్ చెప్పిన మూడు షరతులూ అప్పుడు దొరుకుతాయి.

ధారాళత ఎక్కడ పెరుగుతుంది?

ధారాళంగా మాట్లాడేవాళ్లు ఆగరని అనుకుంటాం. సొంత భాషలో మాట్లాడేవాళ్లు కూడా చాలాసార్లు ఆగుతారు. తేడా ఎక్కడ ఆగుతారన్నదానిలో ఉంది. సొంత భాషలో విరామం ఎక్కువగా ఒక భావం ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట పడుతుంది. రెండో భాషలో అది భావం మధ్యలో కూడా తరచూ పడుతుంది. "వాళ్లు రాలేదు... అందుకే వాయిదా పడింది" అంటే ఆలోచిస్తున్నారని అనిపిస్తుంది. "వాళ్లు... రాలేదు అందుకే వా... వాయిదా" అంటే వెతుక్కుంటున్నారని తెలిసిపోతుంది. రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే, మన విరామాలు ఎటు పడుతున్నాయో స్పష్టంగా వినబడుతుంది. మధ్యలో పడేవి తగ్గుతుంటే, తప్పులు అన్నే ఉన్నా, మాట తేలికవుతోందని అర్థం.

మధ్య విరామాలను తగ్గించేవి ఒక్కసారిగా నోటికొచ్చే అల్లిన ముక్కలు. తెలుగులో "నేను చెప్పేదేంటంటే" అనడానికి మనం ఏ మాటనూ ఏరుకోం. ఇంగ్లీషులో "వాట్ ఐ మీన్ ఈజ్", "ఇట్ డిపెండ్స్ ఆన్" అలాంటివే. వాటిలో గ్రామర్ ముందే అమరిపోయి ఉంటుంది కనుక కాపలాకు పని ఉండదు, ఆ సెకనులో తర్వాతి భావం సిద్ధమవుతుంది.

దీన్ని పెంచడానికి భాషా తరగతుల్లో వాడే ఒక పద్ధతి 4/3/2. దీన్ని 1980లలో కీత్ మోరిస్, పాల్ నేషన్ ప్రచారంలోకి తెచ్చారు. ఒకే విషయాన్ని ఒకరికి 4 నిమిషాల్లో, ఇంకొకరికి 3 నిమిషాల్లో, మూడో మనిషికి 2 నిమిషాల్లో చెప్పాలి. పైన చెప్పిన ఆమెనే తీసుకుందాం. మొదటిసారి "వాయిదా"కు మాట దొరక్క "మీటింగ్ వేరే రోజుకు పెట్టారు" అని చుట్టుతిప్పి చెబుతుంది, మధ్యలో "పోస్ట్‌పోన్డ్" గుర్తొస్తుంది. రెండోసారి అది నేరుగా వస్తుంది. మూడోసారి "సో ఇట్ గాట్ పోస్ట్‌పోన్డ్" ఒకే ఊపులో వచ్చేస్తుంది. వినే మనిషి ప్రతిసారీ కొత్తవారు కావడం వల్ల ఆమె నిజంగానే విషయం చెబుతుంది, అప్పజెప్పదు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. 2014లో ఫ్రాంక్ బూర్స్ గమనించినట్టు, టైమ్ తగ్గుతున్నప్పుడు మొదటిసారి చేసిన తప్పులు చాలావరకు అలాగే మళ్లీ మళ్లీ వస్తాయి. "డిడ్ నాట్ కేమ్" కూడా అంతే వేగంగా గట్టిపడుతుంది. అందుకే మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఒక బరువైన తప్పును చూసుకోవడానికి కాస్త ఆగితే ఆ ఇబ్బంది తగ్గుతుందని నా అభిప్రాయం.

చివరిగా, అర్థం కాకపోతే ఎలా అన్న భయం. 2015లో 12 భాషల మామూలు కబుర్లను పరిశీలించిన ఒక అధ్యయనంలో, సొంత భాషలో మాట్లాడుకునేవాళ్లు కూడా సగటున ప్రతి 1.4 నిమిషాలకు ఒకసారి "ఆఁ?", "ఎవరు?" అని ఎదుటివారిని ఆపి అడుగుతున్నారని తేలింది. అంటే ఎవరైనా మనల్ని మళ్లీ అడిగితే, అది మన ఇంగ్లీషుకు తీర్పు కానక్కరలేదు. పైగా అడిగే తీరులోనే సమాచారం ఉంటుంది. "ఆఁ?" అంటే మొత్తం జారిపోయింది, మళ్లీ చెప్పాలి. "ఎవరు రాలేదు?" అంటే మిగతా వాక్యమంతా అందింది, ఒక్క పేరు చాలు. "అంటే మీటింగ్ రేపా?" అని అడిగితే చెప్పింది చాలావరకు అందినట్టే, అవతలివాళ్లు సరిచూసుకుంటున్నారు. అప్పుడు మొత్తం వాక్యాన్ని సరైన గ్రామర్‌తో మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు, "కాదు, ఎల్లుండి" అంటే సరిపోతుంది.